పాప బరువు 72వ పర్సెంటైల్ నుంచి 15కి దిగితే: గ్రోత్ చార్ట్‌ను ఎలా చదవాలి?

ప్రశ్న: మా పాపకు 11 నెలలు. పుట్టినప్పుడు 3.5 కిలోలు ఉంది. యాప్‌లో అప్పుడు 72వ పర్సెంటైల్ అని వచ్చింది. ఇప్పుడు 7.7 కిలోలు, 15 అని చూపిస్తోంది. గీతలు దాటి కిందికి వచ్చేస్తోందని, పాలపొడి మొదలుపెట్టమని మా అత్తయ్య అంటున్నారు. నాకు ప్రెగ్నెన్సీలో షుగర్ వచ్చింది. నా ఎత్తు 152 సెంటీమీటర్లు, మావారిది 165. పాప చురుగ్గానే ఉంటుంది. నా పాలు తాగుతుంది, జావ, ఇడ్లీ, పప్పన్నం తింటుంది. కొలతలన్నీ ఫొటో తీసి పెట్టాను. చాలా టెన్షన్‌గా ఉంది. భయపడాలా? (ఉప్పల్, హైదరాబాద్)

సమాధానం:

మీరు పెట్టిన కొలతలన్నీ చూశాను. పాపకు జబ్బు చేసిందని చెప్పే గుర్తు వాటిలో నాకు కనిపించలేదు. పుట్టుకతో కాస్త ఎక్కువ బరువుతో వచ్చిన పిల్ల, తన ఒంటి తీరుకు తగిన గీత మీదికి దిగి అక్కడ కుదురుకున్నట్టుగా ఉంది. అయినా ఒకసారి పిల్లల డాక్టర్‌కి చూపించాల్సినంత దూరమే దిగింది. ఈ రెండు మాటలూ ఎందుకు అంటున్నానో వివరంగా చెబుతాను. హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్‌గా పని చేస్తున్న నాకు దాదాపు ప్రతి వారం ఎవరో ఒక తల్లి ఫోన్ తెరిచి ఇదే చూపిస్తుంది.

ముందు ఆ 15 అనే అంకె గురించి. ఆరోగ్యంగా ఉన్న, ఇదే వయసున్న వంద మంది ఆడపిల్లల్ని బరువు ప్రకారం వరసగా నిలబెడితే మీ పాపకంటే తక్కువ బరువున్నవాళ్లు 15 మంది ఉంటారు, ఎక్కువ బరువున్నవాళ్లు 85 మంది ఉంటారు. అంతకుమించి ఆ అంకె ఏమీ చెప్పదు. ఇది పరీక్షలో మార్కు కాదు, 15 వచ్చిన పిల్ల 50 వచ్చిన పిల్లకంటే వెనకబడినట్టు కాదు. పుట్టినప్పటి నుంచీ 10 దగ్గరే ఉంటూ హాయిగా పెరిగే పిల్లలు ఎందరో ఉన్నారు. 60లో ఉండి కూడా జబ్బు పడుతున్న పిల్లలూ ఉంటారు. అందుకే ఒక చుక్క ఎక్కడ పడిందన్నదానికంటే, అక్కడికి ఏ దారిన వచ్చిందన్నదే మేము ముందు చూస్తాం.

ఇక్కడ యాప్‌లు చేసే ఒక ఇబ్బంది ఉంది. పర్సెంటైల్ అంకెలు అన్ని చోట్లా ఒకే వేగంతో మారవు. మధ్యలో చాలామంది పిల్లలు దగ్గరదగ్గర బరువుల్లో ఉంటారు కాబట్టి కొద్ది గ్రాములకే అంకె చాలా కదులుతుంది. 11 నెలల ఆడపిల్లకు 50వ గీత 8.7 కిలోల దగ్గర ఉంటుంది. 200 గ్రాములు తగ్గిస్తే అంకె 50 నుంచి దాదాపు 42కి పడుతుంది. అదే అడుగున, 3వ గీత దగ్గర, అంటే 7 కిలోల దగ్గర 200 గ్రాములు తగ్గినా అంకెలో ఒకటి రెండు తప్ప తేడా కనిపించదు. 200 గ్రాములంటే తడిసిన డైపర్ బరువు. కాబట్టి నెలనెలా యాప్‌లో 48, 41, 45 అని వచ్చే అంకెల్ని పట్టించుకోకండి. చార్టులో అచ్చు వేసిన గీతల మధ్య పాప చుక్కలు ఎలా నడిచాయో చూడండి.

ఆ గీతలు ఏ చార్టువన్నది కూడా ముఖ్యమే. అయిదేళ్ల లోపు పిల్లలకు మనం వాడేది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన చార్టు. బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో 1997 నుంచి 2003 దాకా పిల్లల్ని కొలిచి దాన్ని తయారుచేశారు. మన దేశం నుంచి ఢిల్లీ పిల్లలు ఉన్నారు. తల్లిపాలు తాగుతూ, మంచి తిండి, వైద్యం అందే ఇళ్లలో పెరిగే పిల్లల్ని ఎంచుకున్నారు. అలా పెరిగినప్పుడు ఆరు దేశాల పిల్లల పొడవులూ దాదాపు ఒకేలా వచ్చాయి. ఈ విషయం ఎందుకు చెబుతున్నానంటే, 'మన పిల్లలు ఇంతే, చిన్నగానే ఉంటారు' అనే మాట చిన్న వయసులో అంత తేలిగ్గా చెల్లదు.

ఆ చార్టులో సాధారణంగా అచ్చు వేసేవి 3, 15, 50, 85, 97 అనే అయిదు గీతలు. మన పిల్లల వైద్యుల సంఘం, అంటే ఐఏపీ, ఇచ్చే చార్టుల్లో 3, 10, 25, 50, 75, 90, 97 అని ఏడు గీతలు ఉంటాయి. మీ పాప 72 నుంచి 15కి వచ్చింది. మొదటి చార్టులో చూస్తే 50 అనే ఒక్క గీత దాటి 15 మీద ఆగినట్టు. రెండో చార్టులో చూస్తే 50, 25 రెండూ దాటినట్టు. పిల్ల అదే, బరువు అదే. కాబట్టి 'రెండు గీతలు దాటితే ప్రమాదం' అని ఎవరైనా చెబితే ఏ చార్టు ప్రకారం అని అడగాలి.

బ్రిటన్‌లో వైద్యులకు సూచనలిచ్చే ప్రభుత్వ సంస్థ నైస్ 2017లో తెచ్చిన మార్గదర్శకాలు ఈ విషయంలో నాకు నచ్చుతాయి, ఎందుకంటే అవి పుట్టినప్పటి బరువును కూడా లెక్కలోకి తీసుకుంటాయి. చాలా తక్కువ బరువుతో పుట్టిన పిల్ల వాళ్ల చార్టులో ఒక్క మెట్టు దిగినా చూడాలంటాయి. మధ్యస్థంగా పుట్టిన పిల్లకు రెండు మెట్లు, బాగా ఎక్కువ బరువుతో పుట్టిన పిల్లకు మూడు మెట్లు అని చెబుతాయి. అక్కడ మెట్టు అంటే పక్కపక్క రెండు గీతల మధ్య దూరం. మీ పాప 72లో మొదలైంది కాబట్టి మధ్య గుంపులోకి వస్తుంది. దిగిన దూరం ఆ లెక్కలో రెండు మెట్లు దాటింది. నేను డాక్టర్‌కి చూపించమన్నది అందుకే. ఆ హద్దు దాటిందంటే జబ్బు ఉందని అర్థం కాదు, కారణం వెతికి చూడాలని అర్థం.

ఇక మీ పాప కొలతల్లోకి వద్దాం. బరువు పుట్టినప్పుడు 3.5, మూడో నెలలో 6.0, ఆరో నెలలో 6.9, తొమ్మిదో నెలలో 7.3, ఇప్పుడు 7.7 కిలోలు. చార్టు మీద పెడితే మొదటిది 50, 85 గీతల మధ్య పడుతుంది. మూడో నెలలో 50కి కాస్త పైన ఉంది. ఆరో నెలకు 50కి దిగువకు వచ్చింది. ఆరో నెలలో 50వ గీత 7.3 కిలోలు, 15వ గీత 6.4. తొమ్మిదో నెలలో 15వ గీత సరిగ్గా 7.3 దగ్గర ఉంటుంది, పాప దాని మీదే ఉంది. పదకొండో నెలలో 15వ గీత 7.7, పాప మళ్లీ దాని మీదే ఉంది.

ఈ వరసలో నాకు అన్నిటికంటే ధైర్యం ఇచ్చేది చివరి రెండు చుక్కలు. తొమ్మిది నుంచి పదకొండు నెలల మధ్య పాప 400 గ్రాములు పెరిగింది. ఆ గీత మీద ఉండే పిల్ల పెరగాల్సింది కూడా అంతే. దిగడం ఆగిపోయి, పాప ఒక గీతను పట్టుకుని నడుస్తోంది. ఇంకో మాట, పాప బరువు ఏ నెలా తగ్గలేదు, ఎక్కడా ఆగిపోనూ లేదు. ఆరు నెలలు దాటాక పిల్లలందరి వేగమూ తగ్గుతుంది. 50వ గీత మీద ఉన్న ఆడపిల్లే ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య నెలకు 300 గ్రాముల చొప్పున, ఆ తర్వాత ఏడాది నిండేదాకా నెలకు 230 గ్రాములకు అటూఇటూగా పెరుగుతుంది. మొదటి మూడు నెలల్లో చూసిన ఊపును మనసులో పెట్టుకుని చాలామంది ఇళ్లలో ఈ దశలో కంగారు పడతారు.

అయితే బరువు గీత ఒక్కటే చూసి ఏ నిర్ణయానికీ రాకూడదు. చార్టులు మూడు ఉంటాయి: బరువు, పొడవు, తల చుట్టుకొలత. పిల్ల ఎందుకు దిగుతోందన్న ప్రశ్నకు సగం జవాబు ఈ మూడింటిలో ఏది ముందు దిగింది, ఏది వెనక దిగింది, ఏది దిగలేదు అన్నదాంట్లోనే దొరుకుతుంది.

తిండి చాలకపోతే, లేదా తిన్నది ఒంటపట్టకపోతే, ముందు బరువు పడిపోతుంది. శరీరం కొవ్వును, కండను ఖర్చు పెట్టి ఎముకల పెరుగుదలను కొన్నాళ్లు కాపాడుతుంది. లోటు నెలల తరబడి సాగితే అప్పుడు పొడవు కూడా నెమ్మదిస్తుంది. మెదడును అందరికంటే చివరిదాకా కాపాడుతుంది కాబట్టి తల గీత దిగడం చివరి మాట. థైరాయిడ్ లోపం లాంటి హార్మోన్ల జబ్బుల్లో వరస వేరు. అక్కడ పొడవు ముందు మందగిస్తుంది, బరువు పొడవుకు తగ్గట్టుగానో, కాస్త ఎక్కువగానో ఉంటుంది. పిల్ల పొట్టిగా, బొద్దుగా కనిపిస్తుంది. ఇక బరువు, పొడవు బాగుండి తల ఒక్కటే గీతలు దిగుతుంటే మెదడు ఎదుగుదల వైపు చూడాలి.

మీ పాప పొడవు పుట్టినప్పుడు 50 సెంటీమీటర్లు. ఆరో నెలలో 65, తొమ్మిదిలో 68, ఇప్పుడు 70.3. పొడవు చార్టులో ఇది కూడా 50కి పైన మొదలై, ఆరో నెలకు కొద్దిగా కిందికి వచ్చి, తొమ్మిదో నెల నుంచి 15వ గీతకు ఆనుకుని నడుస్తోంది. బరువు, పొడవు రెండూ కలిసి, దాదాపు ఒకే వేగంతో దిగాయి, ఒకేసారి కుదురుకున్నాయి. తల చుట్టుకొలత 44 సెంటీమీటర్లు, మొదటి నుంచీ 50వ గీత పరిసరాల్లోనే ఉంది. ఇక పొడవుకు తగ్గ బరువు చార్టు చూస్తే, వయసు సంగతి పక్కన పెట్టి 70.3 సెంటీమీటర్ల ఆడపిల్లకు 7.7 కిలోలు అన్నది 15వ గీతకు కాస్త పైనే ఉంటుంది. అంటే పాప చిక్కిపోలేదు, చిన్న చట్రంలో సరిపడా కండ ఉంది.

దీని పక్కన ఇంకో పాపను ఊహించుకోండి. ఆమెకూ ఇప్పుడు 11 నెలలే, బరువు కూడా అదే 7.7 కిలోలు. యాప్ ఆమెకూ 15 అనే చూపిస్తుంది. కానీ ఆరో నెలలో ఆమె బరువు 7.9 కిలోలు. తొమ్మిదో నెలలో 8.0. అక్కడి నుంచి 7.7కి తగ్గింది. పొడవు మాత్రం 74 సెంటీమీటర్లు, 50వ గీతకు పైనే ఉంది. 74 సెంటీమీటర్ల పిల్లకు 7.7 కిలోలంటే పొడవుకు తగ్గ బరువు చార్టులో అది 3వ గీత దగ్గరికి వెళ్లిపోతుంది. చుక్క అదే, అంకె అదే, కానీ ఈ పాపను నేను ఆ వారమే పిలిపిస్తాను. ఆరు నెలల దాకా చక్కగా పెరిగి, పైతిండి మొదలైన దగ్గర నుంచి గీత అడ్డం తిరిగిందంటే ఏదో జరిగింది. మన దగ్గర ఎక్కువగా కనిపించే కారణం నీళ్లలాంటి జావ, పప్పు మీద తేటనీళ్లు తాగించి కడుపు నింపడం. కొందరు ఇళ్లలో ఏడాది లోపే ప్యాకెట్ పాలు సీసాల కొద్దీ పట్టిస్తారు, దాంతో ఆకలి చస్తుంది, రక్తం తగ్గుతుంది. మాటిమాటికీ వచ్చే విరేచనాలు, బయటికి తెలియని మూత్రం ఇన్‌ఫెక్షన్, ఇంట్లో ఎవరికో ఉన్న టీబీ, గుండెలో రంధ్రం లాంటివి కూడా ఈ ఆకారంలోనే మొదట బయటపడతాయి.

మరి మీ పాప ఎందుకు దిగింది? నాకు రెండు కారణాలు కనిపిస్తున్నాయి.

ఒకటి మీ ప్రెగ్నెన్సీ షుగర్. తల్లి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే అది బిడ్డకూ చేరుతుంది. బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువగా ఊరుతుంది, దాంతో కడుపులోనే ఒంటికి కొవ్వు పడుతుంది. పుట్టాక ఆ సరఫరా ఉండదు. కాబట్టి 72 అన్నది పాప సొంత స్థానం కాకపోవచ్చు, కడుపులో ఉన్న పరిస్థితి ఇచ్చిన స్థానం. పుట్టినప్పటి బరువు తల్లి గర్భాన్ని ఎక్కువగా చూపిస్తుంది, తల్లిదండ్రుల నుంచి వచ్చిన తీరు ఆ తర్వాతే బయటపడుతుంది. మొదటి రెండేళ్లలో ఆరోగ్యంగా ఉన్న పిల్లలు కూడా చాలామంది గీతలు పైకో కిందికో మారేది ఇందుకే. పెద్దగా పుట్టినవాళ్లు దిగుతారు, చిన్నగా పుట్టినవాళ్లు ఎక్కుతారు. రెండేళ్లు దాటాక ఈ కదలిక చాలావరకు ఆగిపోతుంది. అందుకే మూడేళ్ల పిల్లలో ఇదే దిగుడు కనిపిస్తే ఇంత నిబ్బరంగా మాట్లాడను.

రెండోది మీ ఇద్దరి ఎత్తు. ఆడపిల్లకు లెక్క ఇలా కడతాం: అమ్మ ఎత్తు, నాన్న ఎత్తు కలిపి, అందులోంచి 13 తీసేసి, రెండుతో భాగిస్తాం. 152, 165 కలిపితే 317. 13 తీస్తే 304. సగం 152 సెంటీమీటర్లు. ఐఏపీ చార్టులో 18 ఏళ్ల ఆడపిల్లల మధ్య గీతకు ఇది కిందే ఉంటుంది. పాప 15 దగ్గర స్థిరపడటం దానికి పొసుగుతోంది. అయితే ఈ లెక్కను నేను కాస్త జాగ్రత్తగా వాడతాను. మన తరంలో చాలామంది పొట్టిగా ఉండటానికి చిన్నప్పుడు తిండి చాలకపోవడమూ ఒక కారణం. అలాంటప్పుడు తల్లిదండ్రుల ఎత్తు చూపించి పిల్లల దిగుడును వదిలేస్తే ఆ లోటును ఇంకో తరానికి అందించినట్టే అవుతుంది. మీ పాప విషయంలో ఎత్తు లెక్క ఒక్కటే కాదు, చుక్కల దారి, మూడు గీతల పొందిక, చురుకు కూడా అదే చెబుతున్నాయి కాబట్టి నమ్ముతున్నాను.

ఇంత చెప్పాక కూడా, కొలతలు సరైనవేనా అన్న ప్రశ్న మిగులుతుంది. నా దగ్గరికి వచ్చే 'గీత దాటింది' కేసుల్లో చాలా వాటికి కారణం తూకమే. ఒకసారి అంగన్‌వాడీలో వేలాడే తూకం, ఇంకోసారి క్లినిక్‌లో డిజిటల్ తూకం, మరోసారి నాన్న పాపను ఎత్తుకుని ఇంట్లో మెషీన్ మీద నిలబడి తన బరువు తీసేయడం. ఈ చివరి పద్ధతి పెద్దవాళ్ల బరువుకు పనికొస్తుంది కానీ 200 గ్రాముల తేడా పట్టుకోవడానికి పనికిరాదు. ఒకే తూకం మీద, బట్టలు, డైపర్ తీసేసి, వీలైతే రోజులో ఒకే వేళకు చూడండి.

పొడవు విషయంలో ఇంకా ఎక్కువ తేడాలొస్తాయి. మంచం మీద పడుకోబెట్టి తల దగ్గర, పాదాల దగ్గర పెన్నుతో గుర్తు పెట్టి టేపుతో కొలిస్తే రెండు సెంటీమీటర్లు అటూఇటూ రావడం మామూలే. 11 నెలల పిల్లకు రెండు సెంటీమీటర్లంటే దాదాపు ఒక గీత మారిపోయేంత దూరం. సరైన పద్ధతి ఇన్ఫాంటోమీటర్ అనే చెక్క పలక మీద, ఇద్దరు మనుషులతో కొలవడం. ఒకరు తల పలకకు ఆనేలా పట్టుకుంటారు, ఇంకొకరు మోకాళ్లు చాపి, పాదాలు నిటారుగా ఉంచి, కింది పలకను అరికాళ్లకు ఆనిస్తారు. రెండేళ్లు నిండాక పిల్లల్ని నిలబెట్టి కొలుస్తారు. నిలబడితే పడుకోబెట్టిన దానికంటే 0.7 సెంటీమీటరు తక్కువ వస్తుంది. ఆ రోజు పొడవు గీత ఒక్కసారిగా దిగినట్టు కనిపిస్తే అది పిల్ల లోపం కాదు.

వయసు కూడా చూసుకోండి. నెలలు తక్కువై పుట్టిన పిల్లలకు రెండేళ్లు వచ్చేదాకా ఆ తగ్గిన వారాల్ని వయసులోంచి తీసేసి చార్టులో పెట్టాలి. మీ పాప నెలలు నిండే పుట్టింది కాబట్టి ఈ సమస్య లేదు. అబ్బాయిల చార్టు, అమ్మాయిల చార్టు వేరు. 11 నెలల మగపిల్లాడి 15వ గీత 8.4 కిలోల దగ్గర ఉంటుంది, యాప్‌లో పొరపాటున అబ్బాయి అని ఎంచుకుంటే మీ పాప 7.7 కిలోలు ఎక్కడికో వెళ్లిపోతుంది. అంగన్‌వాడీ వాళ్లిచ్చే తల్లీబిడ్డల రక్షణ కార్డులో ఆడపిల్లలకు గులాబీ రంగు పేజీ, మగపిల్లలకు నీలం రంగు పేజీ ఉంటాయి. ఆ కార్డులో మీ పాప ఆకుపచ్చ పట్టీలోనే ఉంటుంది.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. ఈ వారం, పది రోజుల్లో ఒక పిల్లల డాక్టర్ దగ్గర మూడు కొలతలూ పద్ధతిగా తీయించండి. ఆయన గుండె, పొట్ట చూస్తారు, బోర్లా పడటం, పాకడం, పట్టుకుని నిలబడటం లాంటివి అడుగుతారు, రక్తం తగ్గిందేమో చూడమంటారు. ఇవన్నీ బాగుంటే నేనైతే పెద్ద పరీక్షలేవీ రాయను. వెళ్లేముందు మూడు రోజుల పాటు పాప తిన్నది, ఎంత తిన్నది కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి. 'బాగానే తింటుంది' అన్న మాటకంటే ఆ కాగితం మాకు చాలా ఉపయోగం.

తర్వాత ఒక నెలకు మళ్లీ తూచండి. ఈ వయసులో నెలకంటే ముందే తూచకండి. వారం వారం తూచితే కనిపించేది పెరుగుదల కాదు, పాప తాగిన పాలు, పోసిన మూత్రం. 15వ గీత ఏడాది నిండే సరికి 7.9, పదమూడో నెలకు 8.1 కిలోల దగ్గర ఉంటుంది. రెండు నెలల్లో పాప ఆ అంకెలకు దగ్గర్లో ఉంటే ఇక బరువు గురించి మూడు నెలలకోసారి చూస్తే చాలు. పదమూడో నెలకు కూడా 7.7 దగ్గరే ఆగిపోయినా, 3వ గీత వైపు జారుతున్నా అప్పుడు కారణం గట్టిగా వెతకాలి. ఆ వయసుకు 3వ గీత 7.3 కిలోలు.

నెల ఆగకూడని సందర్భాలు కూడా ఉన్నాయి. పాలు తాగేటప్పుడు నుదుటి మీద చెమటలు పట్టి ఆయాసపడటం, రోజూ వాంతులు, మలంలో రక్తం, తగ్గని జ్వరం, రెండు వారాలు దాటిన దగ్గు, అంతకుముందు చేసిన పనులు మానేయడం కనిపిస్తే వెంటనే వెళ్లాలి. తల చుట్టుకొలత గీతలు దాటి పైకి పోతుంటే, మాడు ఉబ్బినట్టుంటే అది బరువు దిగడంకంటే తొందరైన విషయం, లోపల నీరు చేరుతోందేమో అదే రోజు చూడాలి. మీరు రాసినదాంట్లో ఇవేవీ లేవు.

పాలపొడి సంగతి. మీ అత్తయ్యగారి ఆందోళన నాకు అర్థమవుతుంది, కానీ ఈ పాపకు పాలపొడితో పనిలేదు. 11 నెలలకు మీ పాలతో పాటు బరువు పెంచేది పైతిండే. పాలపొడి సీసా పడితే మీ పాలూ తగ్గుతాయి, తిండీ తగ్గుతుంది. మీరు రాసిన వంటకాల్లో నాకు అనుమానం జావ మీదే. ఈ వయసు పిల్లకు రోజుకు మూడు నాలుగుసార్లు, ఒక్కోసారి 250 మిల్లీలీటర్ల గిన్నెలో సగం, మధ్యలో ఒకటి రెండుసార్లు చిరుతిండి పెట్టాలి. ఆ సగం గిన్నె దేనితో నిండిందన్నదే ప్రశ్న. చెంచా వంచితే జావ జారిపోకుండా చెంచాకే అంటుకుని ఉండేంత చిక్కగా ఉండాలి. అదే గిన్నెలో పల్చటి జావ పోస్తే సగం నీళ్లే కడుపులోకి వెళ్తాయి. పప్పన్నంలో తేట కాకుండా ముద్దపప్పు వేసి, ఒక చెంచా నెయ్యో నూనో కలపండి. మీ ఇంట్లో తింటే ఉడికించిన గుడ్డు పచ్చసొనతో సహా పెట్టండి. మెత్తగా నలిపిన చికెన్ లివర్ వారానికి ఒకసారి కొద్దిగా పెట్టినా ఐరన్‌కు మంచిది. మాంసం తినని ఇల్లయితే పప్పు, ఆకుకూర మీద నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి, అందులోని ఐరన్ ఒంటికి పట్టడానికి అది సాయపడుతుంది.

ఇవి చేస్తే పాప 15 నుంచి 50కి ఎక్కుతుందని అనుకోకండి, ఎక్కాల్సిన అవసరమూ లేదు. ఎక్కించాలని నోట్లో కుక్కితే పిల్ల చెంచా చూస్తేనే మొహం తిప్పేసే రోజు వస్తుంది. డాక్టర్ దగ్గర తీసిన మూడు కొలతలూ, తేదీలతో సహా, ఇక్కడే కింద రాయండి. నెల తర్వాతి బరువు కూడా పెట్టండి, చూసి చెబుతాను.